దొంగ చలానా సైటును మూయించాలంటే: పూర్తి లింకు లేని ఫిర్యాదు పంపకండి

గాజువాకలో ఆటో నడిపే ఒకాయనకు గత వారం ఎస్సెమ్మెస్ వచ్చింది. బండి మీద అయిదు వందల చలానా ఉంది, ఈరోజే కట్టమని. లింకు నొక్కితే అచ్చం పరివాహన్ పేజీలాగే ఉంది. కార్డు నంబరు కొట్టారు, ఓటీపీ కొట్టారు, ఖాతా ఖాళీ అయింది. డిగ్రీ చదువుతున్న కొడుకు ఆ రాత్రే డొమైన్ అమ్మిన రిజిస్ట్రార్‌కి, గూగుల్‌కి, కనిపించిన ప్రతిచోటికీ ఫిర్యాదులు పెట్టాడు. ద్వారకానగర్‌లో మా నెట్ సెంటర్‌కి వచ్చి, "అన్నా, అక్కడ ఏమీ లేదని జవాబిచ్చారు. సైటు మాత్రం ఇంకా నడుస్తోంది" అని ఫోన్ చూపించాడు. ఆ అబ్బాయి పంపింది ఇది:

```
https://echallan-pay.example/
```

ఎస్సెమ్మెస్‌లోని లింకు తెరిస్తే వచ్చే అడ్రసు ఇది:

```
https://echallan-pay.example/in/?id=7f3k
```

(అసలు సైటు పేరు ఇక్కడ రాయడం లేదు, నమూనాగా మార్చాను.)

మొదటి అడ్రసు తెరిస్తే తెల్ల పేజీ వస్తుంది. మోసం రెండో దానిలో ఉంది. అదీ అందరికీ కనిపించదు. ఇలాంటి పేజీలు చాలావరకు మన దేశపు ఇంటర్నెట్ మీద, మొబైల్‌లో తెరిస్తేనే బయటపడతాయి. విదేశంలో కంప్యూటర్ ముందు కూర్చుని ఫిర్యాదు చూసే ఉద్యోగికి తెల్ల పేజీయో, గూగుల్ హోమ్ పేజీయో వస్తుంది. అతను నిజాయితీగానే "ఏమీ లేదు" అని ఫైలు మూసేస్తాడు. నా దగ్గరికి వచ్చేవాళ్ల ఫిర్యాదులు ఎక్కువగా ఇక్కడే చచ్చిపోతున్నాయి. అందుకే పూర్తి లింకు పంపండి, అది ఎలా తెరిస్తే కనిపిస్తుందో కూడా రాయండి.

ముందు డబ్బు సంగతి

డబ్బు పోయి ఉంటే సైటు గొడవ పక్కన పెట్టి 1930కి ఫోన్ చేయండి, లేదా cybercrime.gov.in లో నమోదు చేయండి. బ్యాంకుకు చెప్పి కార్డు బ్లాక్ చేయించండి. దొంగ ఖాతాలో డబ్బు ఇంకా ఉండగానే ఆపగలుగుతారు, అందుకే గంటలు ముఖ్యం. సైటు మూయించినంత మాత్రాన మీ డబ్బు తిరిగి రాదు, ఈ రెండూ వేర్వేరు పనులు. డబ్బు పోకపోయినా ఆ ఎస్సెమ్మెస్‌ని టెలికాం శాఖ సంచార్ సాథీ సైటులోని చక్షులో రిపోర్ట్ చేయండి.

ఆధారం

ఎస్సెమ్మెస్‌లో లింకును వేలితో నొక్కి పట్టుకుని కాపీ చేయండి. చూసి టైపు చేయకండి, ఒక్క అక్షరం తేడా వస్తే పని పోయినట్టే. అది పొట్టి లింకు అయితే, అదీ రాయండి, చివరికి చేరే అడ్రసూ రాయండి. చివరి అడ్రసు కోసం పేజీ తెరవాల్సి వస్తే దానిలో ఏమీ నింపకండి. ఏదైనా డౌన్‌లోడ్ అయితే ఇన్‌స్టాల్ చేయకండి.

స్క్రీన్‌షాట్‌లో అడ్రసు పట్టీ కనిపించాలి. క్రోమ్‌లో కిందికి జరిపితే అది మాయమవుతుంది, కాబట్టి పేజీని పైకి తెచ్చి తీయండి. ఆ పట్టీలో అడ్రసు మొత్తం పట్టదు, అందుకని లింకును అక్షరాలుగా కూడా అతికించండి. తేదీ, సమయం, "భారతీయ మొబైల్ నెట్‌వర్క్, ఆండ్రాయిడ్ ఫోన్, క్రోమ్‌లో మాత్రమే తెరుచుకుంటుంది" అన్న వాక్యం తప్పకుండా ఉండాలి. విదేశీ కంపెనీకి ఇదంతా సులువైన ఇంగ్లీషులో నాలుగు ముక్కల్లో రాస్తే చాలు.

ఎవరికి పంపాలి

lookup.icann.org లో సైటు పేరు కొట్టండి. .in పేర్లయితే registry.in లో చూడండి. మొదట చూడాల్సింది డొమైన్ పుట్టిన తేదీ. గాజువాక కేసులో అది ఎస్సెమ్మెస్ రావడానికి కొద్ది రోజుల ముందే కొన్న పేరు. అంటే మోసం కోసమే కొన్నారు, కాబట్టి రిజిస్ట్రార్‌కి రాయడం సరైనదే. అదే ఏళ్ల నాటి స్కూలు పేరో, బట్టల కొట్టు పేరో అయితే, వాళ్ల సైటును ఎవరో హ్యాక్ చేసి లోపల ఫోల్డరు పెట్టారన్న మాట. అప్పుడు డొమైన్ ఆపమని అడగకండి, ఆ యజమానికి, హోస్టింగ్ కంపెనీకి చెప్పండి.

ఇలాంటి ఫిర్యాదుల కోసం రిజిస్ట్రార్ పెట్టిన abuse ఈమెయిలు ఆ వివరాల్లోనే ఉంటుంది. .com, .top వంటి పేర్ల విషయంలో, ఫిషింగ్‌కు సరైన ఆధారం చూపిస్తే రిజిస్ట్రార్ వెంటనే చర్య తీసుకోవాలని, డొమైన్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థతో రిజిస్ట్రార్లకు ఉన్న ఒప్పందంలో 2024 ఏప్రిల్ 5 నుంచి నిబంధన ఉంది. అందుకని విషయం గడిలో "మోసం" అని పెట్టకుండా "ఫిషింగ్: ప్రభుత్వ చలానా సైటులా నటిస్తూ కార్డు వివరాలు, ఓటీపీ దొంగిలిస్తోంది" అని రాయండి. అసలు సైటు echallan.parivahan.gov.in అని పక్కనే చూపించండి. ఆధారాలతో రాసినా కదలకపోతే ఐకాన్‌కి ఫిర్యాదు చేయవచ్చు.

అవే వివరాల్లో నేమ్ సర్వర్ల దగ్గర cloudflare అని ఉంటే, సైటును నిజంగా నడిపే హోస్టింగ్ కంపెనీ సాధారణంగా దాని వెనక దాక్కుని ఉంటుంది. అప్పుడు abuse.cloudflare.com లో ఫారం నింపండి. వాళ్లు ఫిర్యాదును అసలు హోస్టుకు చేరవేస్తారు, పేజీ ముందు హెచ్చరిక కూడా పెట్టగలరు. ఒక్క విషయం గుర్తుంచుకోండి. హోస్టింగ్ కంపెనీలు వచ్చిన ఫిర్యాదును తమ కస్టమరుకు, అంటే ఆ దొంగకే, పంపే అవకాశం ఉంది. మీ ఫోన్ నంబరు, బండి నంబరు, ఖాతా వివరాలు అందులో పెట్టకండి. స్క్రీన్‌షాట్‌లో ఉంటే చెరిపేయండి. లింకులోనే మీ నంబరు కనిపిస్తే, ఫారంలో పేరు లేకుండా పంపే వీలుందేమో చూసుకోండి. ఆ ముక్క తీసేస్తే పేజీ తెరుచుకోకపోవచ్చు.

ఇక బ్రౌజర్లు. గూగుల్ సేఫ్ బ్రౌజింగ్‌లో ఒకసారి రిపోర్ట్ చేస్తే అది క్రోమ్‌కే కాదు, ఫైర్‌ఫాక్స్, సఫారీలకు కూడా పనిచేస్తుంది. ఎడ్జ్‌కి మైక్రోసాఫ్ట్‌లో విడిగా చేయాలి. అన్నిటికంటే త్వరగా జనాన్ని కాపాడేది ఆ రిపోర్టు మీద బ్రౌజర్ చూపించే ఎర్ర హెచ్చరిక పేజీయే. కానీ అది వస్తే సైటు పోయినట్టు కాదు, రిజిస్ట్రార్ ఫిర్యాదు ఆపకండి. ఇక్కడా హోమ్ పేజీ కాదు, పూర్తి లింకు!

మిగతావి వరసగా చెబుతున్నాను.

- వైజాగ్ గ్రూపుల్లో "జాగ్రత్త" అంటూ ఆ లింకును ఫార్వర్డ్ చేయకండి. ఎవరో ఒకరు నొక్కుతారు. స్క్రీన్‌షాట్ పంపండి.
- దొంగకు మెసేజ్ పెట్టి బెదిరించకండి. పేజీని ఇంకో అడ్రసుకు మార్చేస్తాడు, మీ పూర్తి లింకు చెల్లకుండా పోతుంది.
- ఎస్సెమ్మెస్ డిలీట్ చేయకండి. పోలీసులు అడుగుతారు.
- కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు incident@cert-in.org.in కి మెయిలు పెట్టండి. పూర్తి లింకుతో.
- ఒకే మెయిలులో అందరినీ కలిపి పెట్టకండి. ఎవరి ఫారం వాళ్లది, ఎవరి రిఫరెన్స్ నంబరు వాళ్లది.
- డబ్బులిస్తే సైటు తీయిస్తాం, పోయిన డబ్బు రప్పిస్తాం అని ఎవరైనా వస్తే మాట్లాడకండి. వాళ్లూ దొంగలే.
- "ఏమీ కనిపించలేదు" అని జవాబొస్తే ఊరుకోకండి. అదే మెయిలుకు బదులిచ్చి పూర్తి లింకు, మొబైల్ వాక్యం, కొత్త స్క్రీన్‌షాట్ పంపండి. గాజువాక అబ్బాయి చేత ఇదే చేయించాను, అప్పుడు రిజిస్ట్రార్ డొమైన్ ఆపేశాడు.
- ఆగిందో లేదో తెలుసుకోవడానికి పేజీ తెరవక్కర్లేదు. lookup.icann.org లో స్టేటస్ చూడండి. clientHold లేదా serverHold అని వస్తే పేరు ఆగిపోయినట్టే. కొన్ని ఫోన్లలో పాత సమాచారం మిగిలి ఉండి ఇంకొంతసేపు తెరుచుకోవచ్చు.
- అదే పేజీ వేరే పేరుతో మళ్లీ వస్తే పాత ఫిర్యాదుకు తోక తగిలించకండి. కొత్త ఫిర్యాదు పెట్టి, పాత రిఫరెన్స్ నంబరు అందులో రాయండి.