బయట దేశంలో దిగినాక కూడా ఫోన్ మన ఊరి టైమే చూపిస్తా ఉంటే ఏం చేయాలి? (మా మేనల్లుడి మొదటి క్లాసు పోయిన కథతో)

నాది అనంతపురం టవర్ క్లాక్ దగ్గర చిన్న మొబైల్ షాపు. జూన్, జులై వచ్చిందంటే బయట దేశాలకి చదువుకి పోయే పిల్లోళ్లు గ్లాసు వేయించుకోవడానికి, కవర్ కొనడానికి వస్తా ఉంటారు. ఇప్పుడు వచ్చిన ప్రతి ఒక్కరి ఫోన్ తీసుకోని ఒక సెట్టింగ్ చూసి ఇస్తున్నా, ఎందుకంటే మా అక్క కొడుక్కి దాని వల్లే మెల్‌బోర్న్‌లో మొదటి రోజు మొదటి క్లాసు పోయింది. వాడికి ఏం జరిగిందో చెప్తా, దాంట్లోనే మీరు ఏం చేసుకోవాలో కూడా ఉంది.

శనివారం రాత్రి బెంగళూరులో ఫ్లైట్ ఎక్కినాడు, సింగపూర్‌లో మారి ఆదివారం సాయంత్రం మెల్‌బోర్న్‌లో దిగినాడు. ఫోన్ ఛార్జింగ్ సింగపూర్‌లోనే అయిపోయింది. ఆస్ట్రేలియాలో ప్లగ్గు పిన్నులు వేరే రకం, మన ఛార్జర్ పట్టదు, హాస్టల్లో పక్కరూమ్ అబ్బాయి దగ్గర అడాప్టర్ అడిగి తెచ్చుకోని పెట్టినాడు, వైఫై కలిపినాడు. ఫోన్ ఆన్ అయితే టైమ్ సాయంత్రం 5:10 అని ఉంది, బయట చూస్తే కటిక చీకటి. జులై అంటే అక్కడ చలికాలం, పొద్దు తొందరగా గుంకుతుందని వాడు ముందే చదువుకున్నాడు, నిజంగానే ఆ నెలలో అక్కడ ఐదున్నర లోపే సూర్యుడు మునిగిపోతాడు, అందుకే వాడికి అనుమానమే రాలేదు. అసలు టైమ్ రాత్రి 9:40. అక్కకి వాట్సాప్ కాల్ చేసి "చేరినా మా" అన్నాడు, అక్క ఏమో "ఇక్కడ ఇంకా ఎండ తగ్గలేదు నాయనా, నువ్వు తిని పడుకో" అనింది.

వాడు 7 గంటలకి అలారం పెట్టుకోని పడుకున్నాడు. క్లాసు పొద్దున 10కి. మధ్యలో మెలకువ వచ్చి చూస్తే ఫోన్‌లో రాత్రి 10:30, ఇంకా చాలా టైమ్ ఉందిలే అని మళ్లీ పడుకున్నాడు, అప్పుడు అక్కడ తెల్లవారుజాము 3. అలారం మోగింది, మన 7 గంటలు అంటే అక్కడ 11:30. లేచి, స్నానం చేసి, నిదానంగా నడుచుకుంటా కాలేజీకి పోతే ఫోన్‌లో 8:40, గోడ గడియారంలో 1:10. 12కే అయిపోయింది క్లాసు.

ఇంతకీ ఫోన్ తప్పు టైమ్ చూపించలేదు, అది కరెక్ట్ టైమే, కాకపోతే అనంతపురం టైమ్. ఫోన్ లోపల ఉండే గడియారం ప్రపంచం మొత్తానికి ఒకటే లెక్క, దానికి మనం ఏ ఊళ్లో ఉన్నామో దాన్ని బట్టి ఇన్ని గంటలు కలుపు, ఇన్ని తియ్యి అని చెప్పేదే టైమ్ జోన్. మనది 5:30 కలపాలి, మెల్‌బోర్న్‌ది జులైలో 10 కలపాలి, తేడా నాలుగున్నర గంటలు. వైఫై కలిపితే ఫోన్ లోపలి గడియారం సెకండ్లతో సహా సరిచేసుకుంటుంది గానీ, వైఫై వచ్చినంత మాత్రాన ఏ ఊళ్లో ఉన్నామో తెలిసిపోతుందని లేదు. ఆ సంగతి మామూలుగా అక్కడి సిమ్ నెట్‌వర్క్ చెప్తుంది, లేదంటే లొకేషన్ చెప్తుంది. వాడికి అక్కడి సిమ్ ఇంకా లేదు, మన సిమ్‌కి రోమింగ్ వేయించలేదు. అన్నిటికీ మించి ఆటోమేటిక్ జోన్ స్విచ్ ఆఫ్‌లో ఉంది.

అది ఎందుకు ఆఫ్ అయిందంటే, వాడి తమ్ముడు గేమ్‌లో లైఫ్‌లు తొందరగా రావాలని డేట్ ముందుకి జరిపేటోడు, దానికి ఆటోమేటిక్ తీసేయాలి. తర్వాత డేట్ మళ్లీ ఆటోమేటిక్ పెట్టినాడు, జోన్ స్విచ్ వేరే ఉందని తెలీక వదిలేసినాడు. ఇంట్లో ఉన్నన్నాళ్లు ఆ స్విచ్ ఆన్ ఉన్నా ఆఫ్ ఉన్నా టైమ్ ఒకటే కనపడుతుంది, అందుకే నెలల తరబడి ఎవరూ కనిపెట్టలేదు.

1. బయల్దేరే ముందు ఇంట్లోనే స్విచ్ చూసుకోండి

ఆండ్రాయిడ్‌లో `Settings` తెరిచి పైన వెతికే చోట `Date & time` అని కొట్టండి. అక్కడ టైమ్‌కి ఒక స్విచ్, జోన్‌కి ఒక స్విచ్ ఉంటాయి. జోన్‌ది `Automatic time zone` అనో `Set time zone automatically` అనో ఉంటుంది, ఫోన్‌ని బట్టి పేరు కొంచెం మారుతుంది, కొన్నిట్లో రెంటికీ కలిపి ఒకటే స్విచ్ ఉంటుంది. ఆన్ చేయండి. కొత్త ఫోన్లలో దాని కిందే లొకేషన్ చూసి జోన్ పెట్టుకోమనే స్విచ్ కూడా ఉంటుంది, అది కూడా ఆన్ చేయండి, సిమ్ లేకుండా దిగేవాళ్లకి ఆదుకునేది అదే.

ఐఫోన్‌లో `Settings > General > Date & Time` లో `Set Automatically` ఆన్ ఉండాలి. అది ఆన్ ఉన్నా కూడా జోన్ మారట్లేదంటే `Privacy & Security > Location Services > System Services` లోకి పోయి `Setting Time Zone` ఆన్‌లో ఉందో లేదో చూడండి, బ్యాటరీ మిగులుతుందని కొందరు అది ఆఫ్ చేసి ఉంటారు.

2. పోయే ఊరి గడియారం ముందే పెట్టుకోండి

క్లాక్ యాప్‌లో వరల్డ్ క్లాక్ ఉంటుంది, దాంట్లో మీరు పోయే ఊరి పేరు కలిపి హోమ్ స్క్రీన్ మీదకి తెచ్చుకోండి. ఇది జోన్ స్విచ్‌తో పని లేకుండా ఆ ఊరి టైమే చూపిస్తుంది. దిగినాక ఫోన్ పెద్ద టైమ్, ఈ చిన్న టైమ్ ఒకటిగా ఉంటే సరే, వేరేగా ఉంటే ఫోన్ ఇంకా మారలేదని అర్థం. మా వాడి ఫోన్‌లో ఇది ఉండి ఉంటే 5:10 పక్కనే 9:40 కనపడేది.

3. దిగినాక గోడ గడియారంతో పోల్చండి

ఫ్లైట్ మోడ్ తీసేయండి, లొకేషన్ ఆన్ చేయండి, ఎయిర్‌పోర్ట్ వైఫై కలపండి, నాలుగైదు నిమిషాలు ఆగండి. తర్వాత సామాను వచ్చే బెల్టు దగ్గర గడియారమో బోర్డో చూసి ఫోన్‌తో పోల్చండి.

ఫోన్ మన టైమ్‌లోనే ఉందని కనిపెట్టడానికి ఒక గుర్తు చెప్తా. మనది అరగంట లెక్క కాబట్టి చాలా దేశాల్లో మన నిమిషాలకీ వాళ్ల నిమిషాలకీ సరిగ్గా 30 తేడా ఉంటుంది. ఫోన్‌లో 2:40 ఉంటే గోడ మీద ఏదో ఒక గంటా 10 నిమిషాలు ఉంటుంది. నిమిషాల్లో అట్లా 30 తేడా కనపడిందంటే ఫోన్ ఇంకా ఇండియాలోనే ఉంది. అయితే అడిలైడ్ పోయేవాళ్లకి ఇది పనికిరాదు, వాళ్లది కూడా అరగంట లెక్కే. ఇంకోటి, మధ్యలో సింగపూర్ లాంటి చోట ఫోన్ అక్కడి టైమ్ పట్టుకోని అట్లే ఉండిపోతే మెల్‌బోర్న్‌లో నిమిషాలు కరెక్టుగా కలుస్తాయి, గంటలు మాత్రం 2 వెనక ఉంటాయి. అందుకే గంట కూడా చూడండి, నిమిషాలు కలిసినాయి కదా అని వదలద్దు.

ఇంటికి ఫోన్ చేసినప్పుడు "అక్కడ టైమ్ ఎంతయింది మా" అని అడగండి. ఆమె చెప్పిన టైమ్, మీ ఫోన్ టైమ్ ఒకటే అయితే మీ ఫోన్ మారలేదు. ఇది అన్నిటికంటే సులభం, అడాప్టర్ అప్పు తెచ్చుకున్న రాత్రి కూడా చేయొచ్చు.

4. మారకపోతే జోన్ మార్చండి, గంటలు మార్చొద్దు

చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. తొందరలో ఆటోమేటిక్ టైమ్ ఆఫ్ చేసి 5:10ని 9:40 చేసేస్తారు, చూడ్డానికి సరిపోతుంది. కానీ జోన్ ఇండియాదే ఉంటుంది కాబట్టి, ఇండియాలో రాత్రి 9:40 అయిందని ఫోన్ నమ్ముతుంది, అంటే లోపలి గడియారం నాలుగున్నర గంటలు ముందుకి పోయినట్టు. అప్పుడు వాట్సాప్ డేట్ సరిచేసుకోమని అడగొచ్చు, కొన్ని వెబ్‌సైట్లు తెరుచుకోవు, కాలేజీ లాగిన్‌కి ఆథెంటికేటర్ యాప్‌లో వచ్చే 6 అంకెల కోడ్ పనిచేయకపోవచ్చు, ఎందుకంటే ఆ కోడ్ లోపలి గడియారం మీదే లెక్క కడతారు.

కాబట్టి టైమ్ ఆటోమేటిక్‌లోనే వదిలేసి, జోన్ స్విచ్ ఒక్కటే ఆఫ్ చేసి జోన్‌ని ఊరి పేరుతో ఎంచుకోండి. ఐఫోన్ లాగా రెంటికీ ఒకటే స్విచ్ ఉంటే అది ఆఫ్ చేసి జోన్ ఒక్కటే మార్చండి, గంటలు ముట్టుకోవద్దు. మెల్‌బోర్న్‌లో ఉంటే మెల్‌బోర్న్ అనే వెతకండి, అదే 10 గంటల లెక్కలో ఉంది కదా అని బ్రిస్బేన్ పెట్టుకోవద్దు. అక్టోబర్ మొదటి ఆదివారం మెల్‌బోర్న్‌లో గడియారం గంట ముందుకి జరుపుతారు, బ్రిస్బేన్‌లో జరపరు. జులైలో రెండూ ఒకటే కనపడతాయి, అక్టోబర్‌లో ఆ సోమవారం పొద్దున మీ అలారం గంట ఆలస్యంగా మోగుతుంది.

5. క్యాలెండర్ వేరే చూసుకోండి

మా వాడికి రెండో దెబ్బ ఇక్కడ తగిలింది. గోడ గడియారం చూసినాక నాకు ఫోన్ చేసినాడు, "మామా, ఇక్కడ 1:10 అంట, నా ఫోన్‌లో 8:40 ఉంది" అని, గొంతు వణుకుతా ఉంది. జోన్ మార్పించినా. టైమ్ సరయింది గానీ, వాడి క్యాలెండర్‌లో క్లాసు 2:30 అని చూపించింది. "క్లాసు ఇంకా కాలేదు మామా!" అని సంతోషంగా ఆ రూమ్ బయటే కూర్చున్నాడు. 2:30కి వేరే క్లాసు పిల్లోళ్లు వచ్చినారు.

వాడు ఆ టైమ్‌టేబుల్ అనంతపురంలో కూర్చోని చేత్తో ఎక్కించినాడు, 10 అని కొడితే ఫోన్ దాన్ని ఇండియా 10 గంటలుగా రాసుకుంది, అది మెల్‌బోర్న్‌లో 2:30. అలారం అట్లా కాదు, 7 అని పెడితే ఏ ఊళ్లో ఉన్నా ఆ ఊరి 7కే మోగుతుంది. అందుకే జోన్ సరిచేసినాక అలారాలు ముట్టుకోవాల్సిన పని లేదు, క్యాలెండర్ మాత్రం ఒక్కో క్లాసు తెరిచి చూడాల్సిందే.

ఇంటి దగ్గరే ఎక్కించేటట్టయితే, ఈవెంట్ రాసేటప్పుడు టైమ్ కింద టైమ్ జోన్ అని ఉంటుంది, అక్కడ పోయే ఊరు పెట్టండి. పెట్టినాక అది మన టైమ్‌లో పొద్దున 5:30 అని కనపడుతుంది, కంగారు పడి మార్చొద్దు, 10 గంటల క్లాసుకి అదే సరైనది. కాలేజీ వాళ్లు టైమ్‌టేబుల్ లింకు ఇస్తే అది కలుపుకోవడమే మేలు, జోన్ సాధారణంగా దాంట్లోనే వస్తుంది.

వాడు ఆ రోజే సారుకి మెయిల్ పెట్టినాడు, రికార్డింగ్ చూసుకోమని చెప్పినారంట. ఆ పద్నాలుగు గంటల నిద్ర మాత్రం బాగా పట్టిందంట, చెప్పేటప్పుడు వాడి గొంతులో ఇంకా బాధ ఉంది. మా అక్క ఇప్పుడు హాల్లో గడియారం కింద కాగితం అంటించింది, "4:30 కలుపు, అక్టోబర్ నుంచి 5:30" అని.