పెంబర్తి సెమ్మెకు కొత్త నేపథ్యం: ఆకారం చెక్కుచెదరకుండా ఎలా చేయాలి?

బతుకమ్మ పండుగకు ముందు హన్మకొండలో మా బావ తన దుకాణంలోని పెంబర్తి ఇత్తడి దీపపు సెమ్మెకు ఒక మంచి ఫోటో చేసిమ్మన్నాడు. నల్లరాతి అరుగు, పక్కన తంగేడు పూలు, సాయంత్రపు వెలుగు కావాలన్నాడు. స్టేబుల్ డిఫ్యూజన్‌లో మాటలతోనే ప్రాంప్ట్ రాస్తే బొమ్మ అందంగానే వచ్చింది. బావ చూసి, "ఇది మన సెమ్మె కాదు బామ్మర్దీ, హంస మెడ చూడు" అన్నాడు. నిజమే, మెడ పొట్టిగా ఉంది, ఐదు వత్తుల పళ్లెం ఏడు వత్తులదైంది. కొన్నవాళ్లకు ఫోటోలో చూసిన వస్తువే చేతికి రావాలి కదా. అందుకు స్టేబుల్ డిఫ్యూజన్‌కు తోడుగా పనిచేసే కంట్రోల్‌నెట్ వాడాలి. ఇందులో అంచుల గీతలు ఆకారాన్ని పట్టి ఉంచుతాయి, లోతు పటం వస్తువును నేల మీద సరిగ్గా నిలబెడుతుంది.

1. ముందు ఫోటో

ఇత్తడి అద్దంలాంటిది, ఎదురుగా ఉన్న కిటికీ కూడా అందులో కనబడుతుంది. అందుకే ఫ్లాష్ ఆపి, సెమ్మెకు రెండు పక్కలా తెల్ల థర్మాకోల్ షీట్లు నిలబెట్టి, వెనక ముదురు రంగు గుడ్డ కట్టండి. కింద బల్ల కొంచెం కనబడేలా తీయండి, దాని అవసరం తర్వాత వస్తుంది.

2. అంచుల గీతలు

కంట్రోల్‌నెట్‌లో ఫోటో పెట్టి `Canny` అనే ప్రీప్రాసెసర్ ఎంచుకోండి, అది ఫోటోలోని అంచులను గీతల పటంగా మారుస్తుంది. `Pixel Perfect` టిక్ చేయండి, లేకపోతే పటం చిన్న సైజులో తయారై సన్నని కొసలు మొద్దుబారతాయి. కంట్రోల్‌నెట్ మోడల్ కూడా మీ అసలు మోడల్ రకానిదే కావాలి. స్టేబుల్ డిఫ్యూజన్‌లో SD 1.5 రకం కోసం చేసింది SDXL రకంతో పని చేయదు.

`Canny` వెతికేది వెలుగు ఉన్నట్టుండి మారే చోటును మాత్రమే. అది వస్తువు అంచా, లోహం మీది మెరుపా అన్నది దానికి తెలియదు. మామూలుగా ఉండే 100, 200 థ్రెషోల్డ్‌లతో మా సెమ్మె కాడ మీద కిటికీ ఊచల గీతలు వచ్చాయి. అవి పోవాలని అంకెలు పెంచితే హంస మెడ గీత తెగిపోయింది. అందుకని అంకెల జోలికి పోకుండా పటాన్ని సేవ్ చేసి, ఏదైనా ఫోటో ఎడిటర్‌లో నల్ల బ్రష్‌తో మెరుపు గీతలనూ, గుడ్డ ముడతలనూ, బల్ల గీతలనూ తుడిచేశాను. నకాషీ గీతలు కూడా తీసేశాను, ఎందుకో చివర చెబుతాను. తుడిచిన పటాన్ని మళ్లీ పెట్టేటప్పుడు ప్రీప్రాసెసర్ `none` అని ఉండాలి.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. చుట్టూ అంతా నల్లగా ఉంటే అక్కడ ఏమీ లేదనుకుని మోడల్ ఖాళీ గోడ గీసేస్తుంది. `Control Weight` 0.9, `Ending Control Step` 0.7 దగ్గర పెడితే చివరి అంచెల్లో దానికి పూలు, రాయి గీసుకునే వీలు దొరుకుతుంది.

3. లోతు పటం

రెండో యూనిట్‌లో అసలు ఫోటోనే పెట్టి డెప్త్ ఎంచుకోండి. ఇందులో దగ్గరివి తెల్లగా, దూరంవి నల్లగా కనబడతాయి. ఈ పటంలో బల్లను తుడవకండి. మీరు ఫోన్ ఎంత ఎత్తు నుంచి పట్టుకున్నారో ఆ బల్ల వాలులోనే ఉంది, అరుగు అదే వాలు తీసుకుంటుంది. బల్ల లేకపోతే సెమ్మె పళ్లెం పైనుంచి చూసినట్టు, అరుగు ఎదురుగా చూసినట్టు వచ్చి వస్తువు గాలిలో తేలుతున్నట్టు ఉంటుంది. ఇక్కడ వెయిట్ 0.5 చాలు, ఎక్కువైతే వెనక గుడ్డ ఆకారమే గోడగా మారుతుంది. సన్నని వత్తి కొసలు లోతు పటంలో కలిసిపోతాయి కాబట్టి దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

ప్రాంప్ట్‌లో వెలుగు దిక్కు ఫోటోలో ఉన్నదే రాయండి:

```
brass oil lamp on black stone ledge,
yellow flowers, evening light from left, photo
```

బొమ్మ కొలతలు ఫోటో నిష్పత్తిలోనే పెట్టండి, లేకపోతే సెమ్మె సాగుతుంది.

4. సరిచూసి, అసలుది అతికించడం

వచ్చిన బొమ్మను అసలు ఫోటో మీద సగం పారదర్శకంగా పెట్టి చూడండి. ఎక్కడైనా అంచు రెండుగా కనబడితే అక్కడ ఆకారం పక్కకు జరిగిందన్నమాట. నాకు హంస ముక్కు దగ్గర అలా కనబడింది, `Canny` వెయిట్‌ను 1.0 చేస్తే సర్దుకుంది.

అంచు కుదిరినా నకాషీ మాత్రం కుదరదు. మోడల్ ఆ పువ్వులనూ తీగలనూ తన ఇష్టం వచ్చినట్టు చెక్కుతుంది, పెంబర్తి పనివాళ్లు చెక్కినట్టు కాదు. అందుకే మాస్క్‌తో అసలు సెమ్మెను కత్తిరించి, అంచును 1 పిక్సెల్ మెత్తబరిచి, బొమ్మలోని సెమ్మె మీద సరిగ్గా కూర్చోబెట్టాను. ఆకారం ముందే కుదిరింది కనుక కింద పీఠం దగ్గరి నీడ, రాతి మీద పడ్డ పసుపు మెరుపు అలాగే నిలిచాయి. రంగులో అసలు సెమ్మె కొంచెం చల్లగా కనబడితే కలర్ టెంపరేచర్‌ను కాస్త పసుపు వైపు జరిపాను. అంతకు మించి ఇత్తడిని ముట్టుకోలేదు.