పాత పీఎస్4 కొనేముందు: తాళం దేనికుంది, డ్రైవ్ ఏ స్థితిలో ఉంది

సమస్య: గేముల మీద తాళం బొమ్మ

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర ఒకాయన పీఎస్4 స్లిమ్‌ని పద్నాలుగు వేలకి ఇస్తానన్నాడని శ్రీకాకుళం నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. "ముప్పై గేములు లోపలే ఉన్నాయట బావా, అలాగే ఇచ్చేస్తాడట" అన్నాడు. ఆ ముప్పైనీ పక్కనపెట్టి ఉత్త మిషన్‌కి బేరమాడమన్నాను.

డిస్క్ లేకుండా ఆన్‌లైన్‌లో కొన్న గేము కొన్నవాడి అకౌంట్‌కి చెందుతుంది. మిషన్ అతని అకౌంట్‌కి ప్రైమరీగా, అంటే ముఖ్య మిషన్‌గా, ఉన్నన్నాళ్లే అందులో మనమూ ఆడగలం. అతను ఇంకో పీఎస్4 కొని దాన్ని ప్రైమరీ చేసుకున్న రోజు మన దగ్గర గేముల మీద తాళం బొమ్మ పడుతుంది. దానికి రిపేరు లేదు.

అందుకే డబ్బు ఇవ్వకముందే, అమ్మేవాడి చేతనే `Settings > Account Management > Activate as Your Primary PS4` లో `Deactivate` నొక్కించండి. తర్వాత `Settings > Initialization > Initialize PS4` తో మొత్తం తుడిపించండి. `Quick` చాలు, నిమిషాల్లో అయిపోతుంది. `Full` గంటలు తింటుంది. పాస్‌కోడ్ మర్చిపోయానంటే కంగారు పడనక్కర్లేదు. మిషన్ ఆపి, పవర్ బటన్‌ని రెండో బీప్ దాకా, అంటే ఏడు సెకన్లు, నొక్కి పట్టుకుంటే సేఫ్ మోడ్ వస్తుంది. కంట్రోలర్‌ని కేబుల్‌తో తగిలించి అక్కడి నుంచే తుడిచేయొచ్చు.

సమస్య: నెట్ ఉన్నా సోనీ ఆన్‌లైన్ సర్వీసు పీఎస్‌ఎన్‌లోకి వెళ్లదు

అసలు భయపడాల్సింది దీనికి. తప్పు అకౌంట్‌దా, నెట్‌దా, మిషన్‌దా అన్నది అక్కడే తేల్చుకోవాలి. మీ ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చి, మీ సొంత అకౌంట్‌తో లాగిన్ అవ్వండి. కుదరకపోతే అదే అకౌంట్‌తో ఫోన్‌లోని ప్లేస్టేషన్ యాప్ తెరిచి చూడండి. తెరుచుకుంటే అకౌంట్ బాగున్నట్టే. తర్వాత ఇంకో కంపెనీ సిమ్ ఉన్న ఫోన్ నుంచి హాట్‌స్పాట్ ఇవ్వండి. అప్పటికీ తెర మీద నిషేధించామన్న మాటే వస్తుంటే ఆ మిషన్‌నే సోనీ ఆపేసిందని లెక్క. రీసెట్ చేసినా, హార్డ్ డిస్క్ మార్చినా అది పోదు. ఎంత చవకైనా వదిలేయండి.

"అప్‌డేట్ మాత్రం చేయొద్దు సార్" అని అమ్మేవాడు పదే పదే అంటుంటే `Settings > System > System Information` చూడండి. 9.00, 11.00 లాంటి వెర్షన్ల దగ్గర ఆపి ఉంచితే చాలామటుకు జైల్‌బ్రేక్ కోసమే, అంటే సోనీ కట్టడి తప్పించి కాపీ గేములు ఆడటానికే. ఆన్‌లైన్‌లో ఆడాలంటే అప్‌డేట్ తప్పదు, చేస్తే ఆ కాపీ గేములన్నీ పోతాయి. నిషేధం పడే మిషన్లు ఎక్కువగా ఈ బాపతువే.

సమస్య: డిస్క్ చదవదు, లేదా సగంలో ఆగిపోతుంది

అమ్మేవాడు డిస్క్ పెట్టి గేము ఆడి చూపిస్తే నమ్మేయకండి. పీఎస్4 గేము ఒకసారి హార్డ్ డిస్క్‌లోకి కాపీ అయ్యాక, డిస్క్ ఉందో లేదో చూసుకోడానికి తప్ప డ్రైవ్‌కి పెద్దగా పనుండదు. బలహీనపడిన లేజర్ ఆ కాస్త పనీ చేసేస్తుంది. తుడిచేసిన మిషన్‌లో కొత్తగా కాపీ చేయిస్తేనే దాని సంగతి బయటపడుతుంది. పెద్ద గేము డిస్క్ ఒకటి మీరే పట్టుకెళ్లండి. సగం కాపీ కాకుండానే ఆట మొదలవుతుంది కాబట్టి, కాపీ నూరు శాతం అయ్యేదాకా కూర్చోండి. అరగంట పైనే పడుతుంది, అమ్మేవాడు విసుక్కున్నా సరే.

ఒక సినిమా డీవీడీ కూడా తీసుకెళ్లండి. గేము డిస్క్ బ్లూ-రే, దానికి నీలి లేజర్ కావాలి. డీవీడీకి ఎర్ర లేజర్. మావాడు చూసినదాంట్లో డీవీడీ శుభ్రంగా ఆడింది, గేము మాత్రం సగం దాకా కాపీ అయి ఆగింది. ఇంకో డిస్క్ పెట్టినా అంతే. అంటే మోటారూ తిప్పే భాగాలూ బాగున్నాయి, లెన్స్ మురికి పట్టిందో నీలి లేజర్ నీరసించిందో అయ్యుండాలి. రెండు రకాల డిస్కులూ చదవకపోతే మోటారు, రిబ్బన్ కేబుల్, డ్రైవ్ బోర్డు దాకా అనుమానించాలి. ఒక్క జాగ్రత్త: తుడిచేశాక ఒకసారైనా నెట్‌కి తగిలించకపోతే డీవీడీ ఆడదు, దాన్ని డ్రైవ్ తప్పనుకోవద్దు.

లేజర్ ఒక్కటీ మార్చుకోవచ్చు. డ్రైవ్ మొత్తం మార్చాలంటే మాత్రం పాత డ్రైవ్ బోర్డే కొత్తదానికి బిగించాలి, ఎందుకంటే ఆ బోర్డుకీ మదర్‌బోర్డుకీ ఫ్యాక్టరీలోనే జత కట్టేస్తారు. వేరే మిషన్ బోర్డు వేస్తే గేములు చదవదు. మెకానిక్ ముందే విప్పేసిన మిషన్‌లో అసలు బోర్డు ఉందో లేదో పైకి తెలీదు, కొత్త డిస్క్ కాపీ అయితేనే నమ్మకం. మావాడు లేజర్ ఖర్చు తగ్గించమని అడిగాడు, పదకొండు వేలకి తెగింది.

మొదటి తరం లావు పీఎస్4 దానంతటదే బీప్ కొడుతూ డిస్క్ బయటికి తోసేస్తుంటే వేరే కథ. ఎజెక్ట్ టచ్ బటన్ కింద ఉన్న రబ్బరు కాలు దాన్ని నొక్కేస్తుంటుంది. ఆ రబ్బరు తీసేస్తే చాలాసార్లు ఆగిపోతుంది, డ్రైవ్ జోలికే పోనక్కర్లేదు.