న్యూబార్ చాంబర్‌లో రెండు కౌంట్లు కలవకపోతే ఎక్కడ వెతకాలి

సమస్య ఇది. ఒకే సెమెన్ శాంపిల్ నుంచి రెండు విడి డైల్యూషన్లు చేసి (50 మైక్రోలీటర్ల శాంపిల్‌కి 950 ఫిక్సేటివ్, అంటే 20 రెట్లు) కణాలు లెక్కపెట్టే గళ్ల గాజు పలక న్యూబార్ చాంబర్‌కి చెరోవైపు ఎక్కించాం, మధ్య గ్రిడ్‌లో ఒకవైపు 236 శుక్రకణాలు, రెండోవైపు 168. సగటు 202 రాసేస్తే పోతుంది కదా అనిపిస్తుంది, కానీ రాయకండి. రెండూ కలిపితే 404, దాని వర్గమూలం ఇంచుమించు 20, రెట్టింపు చేస్తే 40. తేడా అంతలోపు ఉంటే మామూలే అనుకోవచ్చు, ఇక్కడ 68 వచ్చింది కాబట్టి ఎక్కడో తప్పు జరిగింది.

కారణం చాలాసార్లు చాంబర్‌లో ఉండదు, అంతకుముందే ఉంటుంది. మామూలుగా శాంపిల్ 15 నుంచి 30 నిమిషాల్లో పలచబడుతుంది, అప్పటికీ జెల్లీలా గడ్డలుంటే గంట దాకా ఆగాలి, ఆగకుండా తీస్తే పిపెట్‌లోకి ఒకసారి గడ్డ, ఒకసారి నీరు వస్తాయి. ఇంకోటి, పూర్తిగా పలచబడ్డాక కూడా కొన్ని శాంపిళ్లు జిగటగా ఉండి డ్రాపర్ నుంచి 2 సెంటీమీటర్లు దాటి తీగలా సాగుతాయి, ఇది వేరే సమస్య, చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. జిగట శాంపిల్‌ని మామూలు ఎయిర్ పిపెట్‌తో లాగితే 50 అనుకున్నది 50 ఉండదు.

పరిష్కారం: కంటైనర్‌ని చేత్తో గుండ్రంగా తిప్పి బాగా కలపండి, వోర్టెక్స్ పెట్టొద్దు, కణాల కదలిక, అంటే మోటిలిటీ, పాడవుతుంది. జిగట పోకపోతే 18 గేజ్ మొద్దు సూదితో సిరంజిలోకి మెల్లగా ఆరేడు సార్లు లాగి వదలండి, పాజిటివ్ డిస్‌ప్లేస్‌మెంట్ పిపెట్ ఉంటే అది వాడండి. రెండు డైల్యూషన్లూ కొత్తగా చేసి, చాంబర్ నింపాక తడి పెట్టెలో 10 నిమిషాలు కదపకుండా ఉంచండి, కణాలు కిందికి దిగాలి. గీత మీద పడ్డవాటిని రెండు పక్కల గీతల మీదే లెక్కపెట్టాలి, నాలుగు పక్కలా పెడితే కౌంట్ ఉబ్బుతుంది. తోకలేని తలలు ఇందులోకి రావు.

ఈసారి 212, 196 వచ్చాయనుకోండి, తేడా 16, సరిపోయింది. సగటు 204. మధ్య గ్రిడ్ 0.1 మైక్రోలీటర్ పడుతుంది, 20 రెట్ల డైల్యూషన్ కూడా కలిపితే 204ని 2,00,000తో గుణించాలి, అంటే మిల్లీలీటర్‌కి 4.08 కోట్లు. శాంపిల్ 2.5 మిల్లీలీటర్లయితే మొత్తం 10.2 కోట్లు.

కౌంట్ సరిపోయినా మోటిలిటీ మాత్రం అనుమానంగా తక్కువొస్తే స్లైడ్ చల్లగా ఉందా, శాంపిల్ ఇచ్చి గంట దాటిందా, మామూలు కండోమ్‌లో తెచ్చారా అని చూడండి. కణాలన్నీ ఒకేవైపు కొట్టుకుపోతుంటే అది ఈత కాదు, ద్రవం కదులుతోంది, ఆగాకే చూడండి, నిమిషానికీ ఆగకపోతే కొత్త స్లైడ్ పెట్టండి.

ఇక వాల్యూమ్, కౌంట్ రెండూ తక్కువుంటే ముందు పేషెంట్‌ని అడగాల్సింది, మొదటి భాగం బయట పడిందా అని, ఎందుకంటే ఎక్కువ కణాలు దాన్లోనే ఉంటాయి. పడి ఉంటే ఎంత జాగ్రత్తగా లెక్కపెట్టినా లాభం లేదు, రిపోర్టులో ఆ సంగతి రాసి 2 నుంచి 7 రోజులు స్ఖలనం లేకుండా ఉండి మళ్లీ శాంపిల్ ఇమ్మని అడగండి.