ఇంగ్లండ్‌లో ఆఫీసు ఉత్తరం: పై నుంచి కింది దాకా ఏ వరుసలో రాయాలి

ఇంగ్లండ్‌కు చదువుకో, ఉద్యోగానికో కొత్తగా వెళ్లిన మన నెల్లూరు, కావలి, ఒంగోలు పిల్లలకు ఒక ఉత్తరం తప్పకుండా నేర్పాలని నాకుంటుంది. అద్దె ఇల్లు ఖాళీ చేశాక డిపాజిట్ వెనక్కి అడుగుతూ ఏజెన్సీకి రాసే ఉత్తరం. అక్కడ ఒక అద్దె ఇళ్ల ఏజెన్సీలో ఆరేళ్లు పనిచేశాను. పొద్దున్నే వచ్చిన కవర్లు విప్పి, చదివి, స్కాన్ చేసి, ఏ ఫైలుకు చెందింది ఆ ఫైలులో వేయడం నా పని. ఇప్పుడు నెల్లూరులోనే ఉంటున్నాను కాబట్టి ఊరికి వచ్చిన పిల్లలకు ఎదురుగా కూర్చుని చెబుతుంటాను. రాలేని వాళ్ల కోసం ఇది రాస్తున్నా.

2025 ఏప్రిల్‌లో మా మేనల్లుడు లెస్టర్ నుంచి ఫోన్ చేశాడు. "మామా, నాన్న కలెక్టరాఫీసు దగ్గర డీటీపీ షాపులో లెటర్ టైపు చేయించి పంపాడు. సంతకం పెట్టి పంపించేదా?" అని. పంపమని చూశాను. ఎడమ పక్క ఫ్రమ్ అని పేరు, అడ్రసు. దాని కింద టు. తర్వాత రెస్పెక్టెడ్ సర్, సబ్, రెఫ్, వాటి కింద అయిదు నక్షత్రాలు. చివర థాంకింగ్ యు సర్, కుడి పక్క యువర్స్ ఒబీడియంట్లీ, కింద ఎడమ పక్క ప్లేస్, డేట్. మన తహసీల్దారు ఆఫీసులో ఆ ఉత్తరానికి ఎవరూ వంక పెట్టరు. షాపతను తన పని సరిగ్గానే చేశాడు. కానీ అక్కడి ఆఫీసులో కన్ను వెతికే చోట్లు వేరు. తేదీ కోసం పైన చూస్తారు, అది అట్టడుగున ఉంది. ఫైలు నంబరు సబ్జెక్టు కింద ఎక్కడో ఉంది. జత కాగితాల సంగతి ఉత్తరంలో ఎక్కడా లేదు.

"పంపొద్దు అబ్బయ్యా, పై నుంచి మళ్లీ రాద్దాం" అన్నాను. ఆ రాత్రి ఫోన్‌లోనే గంటసేపు కూర్చుని రాశాం. ఆ ఉత్తరమే ఇక్కడ వరుసగా చెబుతాను.

అన్నిటికన్నా పైన రాసేవారి అడ్రసు. అడ్రసు మాత్రమే, పేరు కాదు. పేరు చివర సంతకం కింద వస్తుంది. మావాడికి ఇది వింతగా అనిపించింది. ఇల్లు ఖాళీ చేశాడు కాబట్టి ఇప్పుడుంటున్న కొత్త అడ్రసు వేయించాను, దాని కింద ఫోను, ఈమెయిలు. పాత ఇంటి అడ్రసు వేస్తే జవాబు కవరు ఆ ఖాళీ ఇంటికే పోతుంది. మా బల్ల మీదికి అలా తిరిగొచ్చిన కవర్లు చాలానే చూశాను.

దాని కింద రిఫరెన్స్. ఎక్కువ మంది తడబడేది ఇక్కడే, కాబట్టి కాస్త నింపాదిగా చెబుతాను. ఏజెన్సీ పంపిన ఉత్తరం పైన అవర్ రెఫ్ అని ఒక నంబరు ఉంటుంది. మావాడికి వచ్చిన దాంట్లో ఎల్‌టి/4172 అని ఉంది. అది ఏజెన్సీ తన ఫైలుకు పెట్టుకున్న నంబరు. వాళ్లు రాసినప్పుడు 'మా నంబరు' అన్నారు. మనం వాళ్లకు రాసేటప్పుడు అదే 'మీ నంబరు' అవుతుంది. అంటే యువర్ రెఫ్ అని రాసి దాని పక్కన ఎల్‌టి/4172 వేయాలి. మావాడు చూసినట్టే దించేసి అవర్ రెఫ్ అని రాసుకున్నాడు. అలా రాస్తే అది మావాడు తన ఫైలుకు పెట్టుకున్న నంబరని అర్థం. ఉత్తరాలు విప్పే మనిషి కన్ను యువర్ రెఫ్ అన్న మాట కోసమే వెతుకుతుంది. అక్కడ ఏమీ లేకపోతే పేరుతో వెతకాలి. మన పేర్లలో ఇంటిపేరు ఏదో, అసలు పేరు ఏదో అక్కడి వాళ్లకు తెలియదు. ఒకే మనిషి రెండు రకాలుగా నమోదై ఉంటాడు. నంబరు ఉంటే ఈ గోలంతా ఉండదు. మామూలు మనిషికి సొంత అవర్ రెఫ్ అక్కర్లేదు, వదిలేయొచ్చు.

మావాడి దగ్గర ఇంకో నంబరు కూడా ఉంది, డిపాజిట్ సర్టిఫికెట్ మీదిది. ఇంగ్లండ్‌లో ఇలాంటి అద్దె ఒప్పందాలకు తీసుకున్న డిపాజిట్‌ను 30 రోజుల్లోగా ప్రభుత్వం ఆమోదించిన మూడు స్కీముల్లో ఒకదానిలో నమోదు చేయాలి. ఆ స్కీము ఇచ్చే నంబరు అది. దాన్ని యువర్ రెఫ్ పక్కన ఇరికించొద్దన్నాను. అది ఏజెన్సీ ఫైలు నంబరు కాదు. ఉత్తరం మొదటి పేరాలో వస్తే చాలు.

రిఫరెన్స్ కింద తేదీ: 14 ఏప్రిల్ 2025. నెలను అక్షరాల్లో రాస్తే రోజేదో నెలేదో అన్న అనుమానం రాదు. కొన్ని ఆఫీసుల్లో తేదీ పైన, రిఫరెన్స్ కింద ఉంటాయి. అది తప్పేమీ కాదు, రెండూ అవతలి వారి అడ్రసుకు పైనే ఉంటే సరి. ఆ తర్వాత ఎవరికి రాస్తున్నామో వాళ్ల పేరు, హోదా, ఏజెన్సీ పేరు, అడ్రసు. పోస్ట్‌కోడ్ పెద్దక్షరాల్లో, విడిగా చివరి లైనులో. టు అన్న మాట అక్కర్లేదు.

ఇక పలకరింపు. ఏజెన్సీ ఉత్తరం కింద సంతకం చేసినావిడ పేరు ఉంది కాబట్టి డియర్ మిజ్ అని ఆమె ఇంటిపేరు వేశాం. మిస్ అనో మిసెస్ అనో ఊహించి రాస్తే తప్పయ్యే ప్రమాదం ఉంది. రెస్పెక్టెడ్ అన్న మాట అక్కడి ఆఫీసు ఉత్తరాల్లో వాడరు. ఈ పలకరింపును గుర్తు పెట్టుకోండి, చివర దీనితో పని ఉంది.

పలకరింపు కింద, మొదటి పేరాకు పైన, సబ్జెక్టు. మన డీటీపీ లెటర్‌లోనూ అది సర్ తర్వాతే వచ్చింది కాబట్టి చోటు కొత్త కాదు. తేడా ఏమిటంటే సబ్ అన్న మాట వేయరు, నక్షత్రాలు వేయరు. ఆ ఒక్క లైనే బోల్డ్‌లో ఉంటుంది. షాపులో టైపు చేసిన సబ్జెక్టు 'డిపాజిట్ వాపసు కోరుతూ విన్నపం' అన్న అర్థంలో ఉంది. ఏజెన్సీకి రోజూ వచ్చే ఉత్తరాల్లో చాలావాటికి అదే సబ్జెక్టు సరిపోతుంది. అందుకే ఇల్లు, కాలం, గొడవ మూడూ పడేట్టు మార్చాం: ఇంటి నంబరు, వీధి పేరు, 31 మార్చి 2025న ముగిసిన అద్దె ఒప్పందం, డిపాజిట్‌లో 165 పౌండ్ల కోత. అంతా ఒకే లైనులో సర్దాం. ఉత్తరం చదవకముందే అది ఎవరి బల్ల మీదికి పోవాలో ఆ లైను చెప్పేస్తుంది.

లోపలి విషయం మూడు చిన్న పేరాలు. నెల అద్దె 900 పౌండ్లు. ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపు ఉంటే డిపాజిట్ అయిదు వారాల అద్దెకు మించకూడదు. లెక్కేస్తే 1,038 పౌండ్లు, అంతే కట్టాడు. ఏజెన్సీ కార్పెట్ శుభ్రం చేయించినందుకు 165 పట్టుకుంటామంది. మొదటి పేరాలో ఈ అంకెలు, డిపాజిట్ సర్టిఫికెట్ నంబరు. రెండో పేరాలో కార్పెట్ మరక ఇల్లు తీసుకున్న రోజు ఇంటి స్థితి రాసుకున్న ఇన్వెంటరీలోనే ఉందని, దాన్ని జత 1లో చూడొచ్చని, ఖాళీ చేసిన రోజు తీసిన ఫోటోలు జత 2లో ఉన్నాయని. మూడో పేరాలో అడిగేది: గొడవ లేని 873 పౌండ్లు వెంటనే పంపండి, మిగతా 165 గురించి 28 ఏప్రిల్‌లోగా రాతపూర్వకంగా జవాబివ్వండి. 'దయచేసి అవసరమైన చర్య తీసుకోగలరు' అన్న మన వాక్యం తీసేయించాను. ఎంత, ఏ తేదీలోగా అన్నది చెప్పకపోతే అక్కడ ఆ ఉత్తరం ఫైలులోకి పోయి పడుకుంటుంది.

ముగింపు మాట పలకరింపును బట్టి వస్తుంది. పేరుతో పలకరిస్తే యువర్స్ సిన్సియర్లీ. పేరు తెలియక డియర్ సర్ ఆర్ మేడమ్ అంటే యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ. సర్ అని మొదలుపెట్టి సిన్సియర్లీ అంటే, చదివేవారికి ఆ చిన్న విషయమే ముందు కనబడుతుంది. ఇందులో మొదటి మాట తొలి అక్షరం ఒక్కటే పెద్దది, యువర్స్‌లో ఎస్ ముందు పైకామా ఉండదు. దాని కింద నాలుగైదు లైన్ల చోటు వదలాలి, అక్కడ పెన్నుతో సంతకం. సంతకం కింద పూర్తి పేరు టైపులో. మావాడి సంతకం మన పిల్లలందరిదీ ఉన్నట్టే రెండు గీతలు, ఒక చుక్క. టైపు చేసిన పేరు లేకపోతే అది ఎవరిదో ఎవరూ చెప్పలేరు.

పేరు కింద ఎడమ పక్క ఎన్‌క్లోజర్లు. ఎన్‌క్ అని పొట్టిగా రాసి, ఎన్ని ఉన్నాయో అంకె వేసి, కింద ఒక్కోటి ఒక్కో లైనులో: ఇన్వెంటరీ జిరాక్సు 6 పేజీలు, ఫోటోలు 4, డిపాజిట్ సర్టిఫికెట్ జిరాక్సు 1 పేజీ. ఉత్తరంలో జత అని ఏది ముందు చెప్పామో అదే ఇక్కడా ముందు రావాలి. ఉత్తరంలో జత 1, జత 2 అన్న చోట అక్కడి మాటగా ఎన్‌క్ 1, ఎన్‌క్ 2 అని రాయాలి, ఆ జిరాక్సుల కుడి మూలన పెన్నుతో అవే నంబర్లు వేయాలి. ఈ పట్టీ ఎందుకంటే, కవరు విప్పే మనిషి దాన్ని చూసి కాగితాలు లెక్కపెడతారు. మా బల్ల మీద ఒకసారి మూడు జతలని రాసిన కవరులో రెండే కనబడ్డాయి. ఉత్తరం మీద 'రెండే అందాయి' అని రాసి తేదీ ముద్ర కొట్టి, అదే రోజు పంపినాయనకు ఫోను చేశాం. మూడోది ఆయన ఇంట్లో బల్ల మీదే ఉండిపోయింది, మర్నాడు పంపాడు. పట్టీ లేని కవరులో కాగితం తక్కువైతే అది తక్కువైందని తెలిసే దారే లేదు. అసలు కాగితాలు మాత్రం ఎప్పుడూ పంపొద్దు. ఇంకెవరికైనా కాపీ పంపుతుంటే ఎన్‌క్లోజర్ల కింద సీసీ అని వాళ్ల పేరు. మావాడికి ఆ అవసరం పడలేదు.

అందరూ ఈమెయిల్లోనే పంపుతారు కదా అంటారు. పంపండి, ఇదే ఉత్తరాన్ని సంతకంతో పీడీఎఫ్ చేసి జత చేయండి, మెయిలు సబ్జెక్టులో ఎల్‌టి/4172 వేయండి. డబ్బు గొడవ కాబట్టి మావాడితో పోస్టులోనూ పంపించాను. పోస్టాఫీసు కౌంటర్‌లో అడిగితే ఉచితంగా సర్టిఫికెట్ ఆఫ్ పోస్టింగ్ ఇస్తారు. దాన్ని తన దగ్గరున్న ఉత్తరం కాపీకి పిన్ను కొట్టి పెట్టుకున్నాడు.

తొమ్మిదో రోజున జవాబొచ్చింది. 873 పౌండ్లు పంపుతున్నామని, కార్పెట్ సంగతి ఇంటి యజమానిని అడిగి చెబుతామని. మావాడు సంతోషంగా ఫోటో పంపాడు. నేను ముందు పై భాగం చూశాను. అవర్ రెఫ్ దగ్గర నంబరు ఎల్‌టి/4172/డి అయింది. వివాదం ఉన్న ఫైలుకు వాళ్లు చివర ఒక అక్షరం చేర్చారు. "మళ్లీ రాయాల్సి వస్తే యువర్ రెఫ్ దగ్గర ఈ కొత్త నంబరు వెయ్యి" అని చెప్పాను.