మా పూతరేకుల ‘మా గురించి’ పేజీ ఇలా దారికొచ్చింది

మాది ఆత్రేయపురం. మా సైట్‌లో ‘మా గురించి’ అన్నచోట మొదట ‘నాణ్యతకు మారుపేరు, తరతరాల నమ్మకం’ అని రాశాను. హైదరాబాద్ నుంచి ఒకావిడ ఫోన్ చేసి, "అంతా బాగుందమ్మా, ఇంతకీ చేసేదెవరు?" అన్నారు. నా దగ్గర మాట లేదు.

ఆ రాత్రి కూర్చుని పొగడ్తలన్నీ కొట్టేశాను. ఒక్కోదాని చోట ఎవరైనా సరిచూసుకోగల సంగతి పెట్టాను. ‘తరతరాల’ పోయి, ‘బోర్లించిన కుండ మీద అత్తయ్య రేకు తీస్తారు, నేను చుడతాను, మా ఆయన పార్సిల్ కడతారు’ అని వచ్చింది. ‘స్వచ్ఛమైన’ బదులు, ‘బెల్లం, నెయ్యి, జీడిపప్పు, యాలకులు వేస్తాం; డాల్డా వాడం’. కింద పద్నాలుగు అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు.

2023లో వచ్చిన భౌగోళిక గుర్తింపును మా అవార్డులా రాసుకున్నాను. అది ఊరి పూతరేకులది, మా ఒక్క కొట్టుది కాదు. ఆ వాక్యం తీసేశాను.

చివర్లో ‘వానాకాలం తడిగాలికి రేకు మెత్తబడుతుంది, రాగానే గాలి చొరని డబ్బాలో పెట్టండి’ అని కలిపితే మావయ్యగారు ఒప్పుకోలేదు: "మన సరుకు లోపం మనమే చెప్పుకుంటామా?" రెండు రోజులు వాదించాను. ఇప్పుడు ఫోన్ చేసేవాళ్లు ముందు ఆ డబ్బా సంగతే అడుగుతున్నారు.