ప్రమోషన్ శుభాకాంక్షలకు దండం బొమ్మ ఒక్కటే జవాబుగా వస్తే

సమస్య: నిన్నటిదాకా పక్క సీట్లో ఉన్న మనిషికి ప్రమోషన్ వచ్చింది. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో మీరు మనసారా మెసేజ్ పెట్టారు. మిగతావాళ్లకు పేరుపేరునా థ్యాంక్స్ చెప్పి, మీకు మాత్రం దండం బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నారు. మర్నాడు ఎదురైతే నవ్వారు గానీ మాట కలపలేదు.

హనుమకొండలో మా ఆఫీసులో నాకు ఇదే జరిగింది. నాకంటే చిన్నవాడైన సీనియర్ అసిస్టెంట్ సూపరింటెండెంట్ అయ్యాడు. నేను రాసింది ఇది: "కంగ్రాట్స్ తమ్మీ! లక్కంటే నీదే. ఇగ మమ్మల్ని మర్చిపోకు. దావత్ ఎప్పుడు?"

కారణం: "తమ్మీ" తప్పు మాట కాదు, కాకపోతే చోటు తప్పింది. ఆ గ్రూపులో పై ఆఫీసరు ఉన్నారు, రేపటి నుంచి అతని కింద పనిచేసే జూనియర్లూ ఉన్నారు. "లక్కు" అనడంతో అతను రాత్రుళ్లు చదివి పాసైన డిపార్ట్‌మెంటల్ టెస్టులు లెక్కలోకి రాకుండా పోయాయి. అన్నిటికంటే గుచ్చుకునేది "మర్చిపోకు" అన్నది. ఇంకా కుర్చీలో కూర్చోకముందే, నీకు పొగరు వస్తుందేమో అని అనుమానపడ్డట్టు ఉంటుంది. దావత్ అడగడం మనకు మామూలే, కానీ అది చాయ్ దగ్గర మాట.

సర్దుకుందామని మర్నాడు "గౌరవనీయులైన సూపరింటెండెంట్ గారికి హృదయపూర్వక శుభాకాంక్షలు" అని విడిగా పంపాను. అది ఇంకా చెడింది. రోజూ టిఫిన్ బాక్సు పంచుకునే మనిషి అలా రాస్తే అలిగినట్టే వినిపిస్తుంది.

పరిష్కారం: గ్రూపు మాటను, మనసు మాటను విడదీయాలి. గ్రూపులో "అండీ" చేర్చి, "మీరు" అని, మీ కళ్లతో చూసిన పని ఒక్కటి చెప్పండి. నేను ఇలా రాయాల్సింది:

"సూపరింటెండెంట్‌గా ప్రమోషన్ వచ్చినందుకు అభినందనలండీ. మేడారం జాతర డ్యూటీ బిల్లులు ఒక్కటి కూడా వెనక్కి రాకుండా మీరు పాస్ చేయించిన తీరు మా సెక్షన్ అంతా చూసింది."

"అర్హులకే దక్కింది" అని మాత్రం రాయకండి. అదే సీనియారిటీ లిస్టులో ఉండి ప్రమోషన్ రానివాళ్లు కూడా ఆ గ్రూపులోనే చదువుతారు. మెసేజ్ పంపే ముందు వాళ్ల పక్కన నిలబడి పైకి చదవగలరా అని చూసుకోండి. ఆర్డర్ కాపీ చేతికి రాకముందు మాత్రం అసలేమీ పంపొద్దు.

రెండో మాట ఎదురుగా చెప్పాలి. సాయంత్రం ఆఫీసు వదిలాక గేటు బయట అతన్ని ఆపి, "తమ్మీ, నాకు మస్తు సంతోషమైంది. మొన్న గ్రూపుల అట్ల రాయకపోతే బాగుండు" అన్నాను. అంతకు మించి సంజాయిషీ చెప్పలేదు. అతను బండి స్టాండు వేసి, "నడువన్నా, చాయ్ తాగుదాం" అన్నాడు. ఆఫీసులో ఇప్పుడు "సార్" అంటాను. చాయ్ బండి దగ్గర మాత్రం తనే ముందు "అన్నా" అంటాడు, అప్పుడు నేను "తమ్మీ" అంటాను.